సాయంత్రం 5 గంటల కాఫీ, రాత్రి నిద్ర

తిరుచానూరు_రోడ్డు: మా నాయనకి 61. సాయంత్రం 5కి ఒక గ్లాసు ఫిల్టర్ కాఫీ తాగుతాడు. పదిన్నరకి పడుకుంటే పది నిమిషాల్లో గురక. అయినా పొద్దున లేస్తే నిద్రే పోనట్టుందంటాడు. ఆ కాఫీ వల్లేనా?

బైరాగిపట్టెడ: పడుకోగానే నిద్రపట్టే మనిషిని కాఫీ ఏం చేసింది సామీ? కెఫీన్ హాఫ్‌లైఫ్ 5 గంటలు. 5కి తాగితే పదికి ఖాళీ. వయసు పైబడితే గాఢనిద్ర తగ్గుతుంది, అంతే.

రెండో_డికాక్షన్: అన్నా, 5 గంటల్లో ఖాళీ అయ్యేది సగమే. గ్లాసులో 100 మిల్లీగ్రాముల కెఫీన్ ఉందనుకో. పదికి ఒంట్లో ఇంకా 50 ఉంటుంది, తెల్లవారుజామున 3కి 25. పడుకునే ముందు అర గ్లాసు తాగినట్టే లెక్క. ఆ 5 గంటలు కూడా సగటు మాత్రమే. కొందరికి 2 గంటలకే సగమవుతుంది, కొందరికి 9 పడుతుంది.

ఇక నిద్ర పట్టడం వేరు, నిద్ర లోతు వేరు. మేలుకున్నంత సేపూ మెదడులో అడినోసిన్ పేరుకుంటుంది, కళ్ళు బరువెక్కేది దాంతోనే. కెఫీన్ దాన్ని తీసెయ్యదు, అది కూర్చోవాల్సిన చోట తాను కూర్చుంటుంది. బాగా అలసిన మనిషికి అయినా నిద్ర పట్టేస్తుంది. గాఢనిద్రలో ఎక్కువ భాగం వచ్చేది మొదటి మూడు గంటల్లో, అంటే పదిన్నర నుంచి ఒకటిన్నర దాకా. కెఫీన్ ఎక్కువగా మిగిలుండేదీ సరిగ్గా అప్పుడే. నిద్ర పలచబడిన సంగతి పడుకున్నవాడికి తెలీదు, పొద్దున ఒంటికే తెలుస్తుంది.

గాంధీరోడ్డు: నేను రాత్రి 9కి తాగి హాయిగా పడుకుంటా. ఇదంతా భ్రమ.

చిత్తూరు_బెల్లం: చికోరీ తగ్గించండి చాలు. నిద్ర చెడగొట్టేది అదే.

రెండో_డికాక్షన్: అక్కా, చికోరీలో కెఫీన్ లేదు. దాన్ని తగ్గిస్తే ఆ చోట కాఫీ గింజ పెరుగుతుంది, కెఫీన్ ఇంకా ఎక్కువవుతుంది.

చిత్తూరు_బెల్లం: మరి చికోరీ పొడి వేడి చేస్తుందంటారే?

కపిలతీర్థం: గురక అన్నారు. మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉంటుందా? ముందు అది చూడండి.

బైరాగిపట్టెడ: చికోరీ సంగతి వదిలెయ్యండి. పెద్దాయన నోటికాడి కాఫీ లాక్కోవడానికా ఈ లెక్కలన్నీ? జీవితమంతా కష్టపడిన మనిషికి ఆ ఒక్క గ్లాసు కూడా లేకుండా చేస్తారా?

రెండో_డికాక్షన్: లాక్కోమని ఎవరన్నారు? మధ్యాహ్నం ఒంటిగంటకి జరపమంటున్నా. ఒక్కసారిగా మానేస్తే మర్నాటికి తలనొప్పి, చిరాకు మొదలై వారం దాకా ఉండొచ్చు. అప్పుడు నిద్ర ఎట్లుందో తేల్చలేం. అదే గ్లాసు, అదే డికాక్షన్, టైము మాత్రం మార్చి రెండు వారాలు చూడాలి. పొద్దున లేవగానే ఒళ్ళెట్లుందో పదికి ఎన్ని మార్కులో ఆయనతోనే క్యాలెండర్ మీద రాయించాలి. వాచీలు చూపించే గాఢనిద్ర నిమిషాలు నమ్మొద్దు.

బైరాగిపట్టెడ: 5కి ఆయన ఒక్కడే కూర్చుని తాగుతాడనుకున్నావా? నలుగురు స్నేహితులు కలిసే టైము అది. ఒంటిగంట ఎండలో ఎవరొస్తారు? నీకు కనిపించేది మిల్లీగ్రాములు, నాకు కనిపించేది ఆ మనిషి.

రెండో_డికాక్షన్: ఆ మాట ఒప్పుకుంటా అన్నా. అయితే 5కి అక్కడికే పోయి పాలు తాగొచ్చు, లేదా డికాక్షన్ సగం వేసి లైట్‌గా ఇమ్మనొచ్చు. ఏది కావాలో ఆయనే చెప్పాలి, మనం కాదు.

తిరుచానూరు_రోడ్డు: గొడవ పడకండి. ఒక మాట మర్చిపోయినా. ఈ కాఫీ ముప్పై ఏళ్ళుగా ఉండేదే. నిద్ర చెడింది ఈ నాలుగు నెలల్లో. సంక్రాంతికి సిగరెట్లు మానేసినాడు.

రెండో_డికాక్షన్: ఆ మాట ముందే చెప్పి ఉంటే! పొగలోని తారు పదార్థాలు లివర్‌లో కెఫీన్‌ని అరగదీసే ఎంజైమును బాగా పెంచుతాయి. నికోటిన్‌కి ఆ పని లేదు. సిగరెట్ ఆపితే కొద్దిరోజుల్లోనే ఆ వేగం పడిపోతుంది. అప్పట్లో ఆయనకి 3 గంటలకి సగమయ్యేదనుకో, 5 గంటల కాఫీలో పదిన్నరకి 28 మిల్లీగ్రాములు మిగిలేది. ఇప్పుడు 6 గంటలు పడుతుంటే 53. గ్లాసు మారలేదు, ఒంట్లో మిగిలేది దాదాపు రెట్టింపయింది.

బైరాగిపట్టెడ: సిగరెట్ మానితే కూడా నిద్ర చెడుతుంది. ఆ లెక్క ఎక్కడ?

రెండో_డికాక్షన్: చెడుతుంది, నిజమే. కానీ చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. నాలుగు నెలలైంది కాబట్టి నా అనుమానం కాఫీ మీదే. రెండు వారాలు టైము మార్చి చూడకుండా తేల్చి చెప్పను.

గాంధీరోడ్డు: నేను సిగరెట్ తాగుతా. అందుకేనా నాకేం కానిది?

రెండో_డికాక్షన్: కావచ్చు. కాఫీ కోసం తాగమని మాత్రం కాదు.

తిరుచానూరు_రోడ్డు: అమ్మని అడిగినా. గురక పెడతా పెడతా మధ్యలో ఆగిపోయి, ఒక్కసారిగా ఉలిక్కిపడి ఊపిరి పీలుస్తాడంట.

కపిలతీర్థం: అయితే కాఫీ ఒంటిగంటకి జరపండి, కానీ రెండు వారాలు ఆగకుండా ఈ వారమే ఊపిరితిత్తుల డాక్టర్‌కో ఈఎన్‌టీకో చూపించి నిద్ర పరీక్ష అడగండి.