ఏడాది ఒప్పందం: మార్చి 31 నాటికి ఆదాయం ఎంత?

అందరికీ నమస్కారం. తిరుపతిలో లాడ్జీల లిఫ్టులకు మరమ్మతులు చేసే చిన్న సంస్థ మాది. జనవరి 1న ఒక లాడ్జీకి ఏడాది నిర్వహణ ఒప్పందం కింద రూ.60,000, దానిపై 18 శాతం జీఎస్టీ రూ.10,800 కలిపి బిల్లు ఇచ్చాము. డబ్బు మొత్తం వచ్చేసింది. బిల్లు ఇచ్చాము కనుక 60,000 ఈ ఏడాది ఆదాయమేనని మా గుమాస్తా పట్టు. మిగిలిన తొమ్మిది నెలల తనిఖీలు ఎవరు చేస్తారట!

జీఎస్టీ ఎటూ మన ఆదాయం కాదు, అది కట్టేశాము. నెలల వారీగా పంచితే మార్చి 31కి 15,000 ఆదాయం, 45,000 ముందుగా వచ్చిన సొమ్ముగా అప్పుల వైపు ఉండాలి. ఇక్కడే చిక్కు. ఒప్పందంలో నెలకో తనిఖీతో పాటు ఒక పెద్ద సర్వీసు ఉంది, దాన్ని ఫిబ్రవరిలోనే ముగించాము. విడిగా చేస్తే దానికి 24,000, ఒక్కో తనిఖీకి 3,000 తీసుకుంటాము. ఆ లెక్కన 24,000కు మూడు తనిఖీల 9,000 కలిపి 33,000 అవుతుంది.

ఆదాయాన్ని ఎప్పుడు లెక్కలో చూపాలో చెప్పే ప్రమాణం ఏఎస్-9ను మేము పాటిస్తాము. ఒకటికి మించి పనులున్న సేవలో ఒక్కో పని జరిగిన కొద్దీ ఒప్పంద విలువ, ఖర్చు, పనుల సంఖ్య లేదా తగిన మరో ప్రాతిపదికన ఆదాయం చూపాలని అందులో ఉంది కాబట్టి, మా పనులు సమానం కానందున 33,000 సరైనదని నా అభిప్రాయం. మధ్యలో లాడ్జీవారు ఒప్పందం రద్దు చేసుకుంటే మిగిలిన నెలల సొమ్ము తిరిగి ఇవ్వాలనే షరతు దీన్ని మారుస్తుందా? అనుభవమున్నవారు చెప్పగలరు.