అమ్మ మాత్రల డబ్బాలో ఏది రెండుసార్లు పడుతోంది, ఏది దేనితో పడదు?

మున్నేరు:
మధ్యాహ్నం నుంచి ఇదే పనిగా కూర్చున్నా ఒక కొలిక్కి రావడం లేదు కనుక ఇక్కడ అడుగుతున్నాను. మా అమ్మకు 76 ఏళ్లు, ఖమ్మంలో ఒక్కతే ఉంటుంది. గుండె డాక్టరుగారు హైదరాబాదులో, షుగర్ చూసేవారు ఊళ్లోనే, ఎముకల డాక్టరుగారు మరో ఆసుపత్రిలో ఉన్నారు. ఒకరు రాసిన చీటీని మరొకరు చూసినట్టు కనిపించదు. డబ్బాలో బీపీ మాత్రలు రెండు రకాలు, షుగర్ మాత్ర, గ్యాస్ మాత్ర, రక్తం పలచబడే మాత్ర, నీరు తీసే మాత్ర, మోకాళ్ల మాత్ర, కాల్షియం, బీ కాంప్లెక్స్, వారానికొకసారి వేసుకునే విటమిన్ డి ఉన్నాయి. వీటన్నిటినీ మందుల మధ్య పొసగని జంటలను చూపే వెబ్‌సైటులో ఎక్కిస్తే ఎరుపు, పసుపు హెచ్చరికలు పేజీ నిండా వచ్చాయి. దాదాపు ప్రతి మందూ మరొక దానితో పడదన్నట్టే చూపిస్తోంది. వీటిలో నిజంగా భయపడవలసినవి ఏవో, వదిలేయదగినవి ఏవో దయచేసి ఎవరైనా చెప్పగలరా?

రెండో షిఫ్టు:
ఏ మాత్ర దేనికో కాదు, స్ట్రిప్పు వెనుక అచ్చయిన మందు పేరు, మిల్లీగ్రాములు, వేసుకునే వేళ రాయండి. రక్తం పలచబడే మాత్ర అంటే నాలుగైదు వేర్వేరు మందులు కావచ్చు.

నేలవేము:
అమ్మా, మిగతావన్నీ పక్కన పెట్టి ముందు ఆ గ్యాస్ మాత్ర సంగతి చూడండి. మన ఇళ్లలో నెల రోజులకని రాసిన గ్యాస్ మాత్రను ఏళ్ల తరబడి మింగుతున్నారు, ఎందుకని అడిగేవారు లేరు. కడుపులో ఆమ్లం తగ్గితే ఆహారంలోని బీ12 సరిగా ఒంటికి పట్టదు, షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ కూడా అదే పని చేస్తుంది, రెండూ కలిస్తే అరికాళ్ల తిమ్మిర్లు, నీరసం, మతిమరుపు వస్తాయి, వాటిని ముసలితనం ఖాతాలో వేసేస్తారు. రేపటి నుంచే ఆ మాత్ర మాన్పించి చూడండి.

డల్లాస్ అబ్బాయి:
మా నాన్నగారి విషయంలో అసలు చిక్కు కాల్షియంతో వచ్చింది. థైరాయిడ్ మాత్ర మోతాదు పెంచుతూ పోయినా టీఎస్‌హెచ్ దిగలేదు. చివరికి తేలిందేమిటంటే, ఆయన థైరాయిడ్ మాత్రనూ కాల్షియం మాత్రనూ ఒకే గుక్క నీళ్లతో వేసుకుంటున్నారు. కాబట్టి కాల్షియానికీ మిగతా అన్ని మాత్రలకూ మధ్య 4 గంటల ఎడం పెట్టండి.

మున్నేరు:
స్ట్రిప్పులన్నీ ముందు పెట్టుకుని రాస్తున్నాను. ఉదయం టిఫిన్ తరువాత టెల్మిసార్టాన్ 40, ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు కలిసి ఉన్న మాత్ర, ఇది గుండె డాక్టరుగారిది. దానితోపాటే ఫ్యూరోసెమైడ్ 40, మెట్‌ఫార్మిన్ 500, ఎసిక్లోఫెనాక్ 100తో పారాసెటమాల్ 325 కలిసిన మోకాళ్ల మాత్ర, కాల్షియం కార్బొనేట్ 500, బీ కాంప్లెక్స్. టిఫిన్‌కు ముందు పాంటోప్రజోల్ 40. మధ్యాహ్నం ఆస్పిరిన్ 75. రాత్రి మళ్లీ మెట్‌ఫార్మిన్, మోకాళ్ల మాత్ర, వాటితో ఆమ్లోడిపిన్ 5. విటమిన్ డి 60,000 యూనిట్లు ప్రతి ఆదివారం. థైరాయిడ్ మాత్ర డబ్బాలో లేదు. ఇవి రాస్తుంటే ఆమ్లోడిపిన్ రెండుచోట్ల కనిపించింది, అయితే స్ట్రిప్పుల మీద కంపెనీ పేర్లు ఒకదానికొకటి పోలిక లేకుండా ఉన్నాయి. ఇది ఇద్దరు డాక్టర్లూ తెలిసి రాసిందేనా?

పాత ఫార్మసిస్టు:
జిల్లా ఆసుపత్రి మందుల విభాగంలో చాలా ఏళ్లు పనిచేసిన అనుభవంతో రాస్తున్నాను. మీరు చూసింది సరైనదే, ఈ మొత్తం డబ్బాలో మొదట తేల్చవలసిన విషయమూ అదే. రెండూ కలిపి రోజుకు 10 మిల్లీగ్రాముల ఆమ్లోడిపిన్ అవుతుంది. అది పెద్దవారికి ఇచ్చే గరిష్ఠ మోతాదు. ఎవరైనా కావాలని అంత ఇచ్చి ఉండవచ్చు గానీ, సాధారణంగా జరిగేది వేరు: ఊళ్లో డాక్టరుగారు ముందే విడి మాత్ర రాసి ఉంటారు, తరువాత గుండె డాక్టరుగారు కలిపిన మాత్ర రాస్తారు, పాతది ఆపమని చీటీలో ఎవరూ రాయరు. ఒక ప్రశ్నకు జవాబు చెప్పండి. ఫ్యూరోసెమైడ్ ఎప్పుడు, ఎందుకు మొదలైంది?

మున్నేరు:
కాళ్ల వాపు వచ్చిందని ఊళ్లో డాక్టరుగారు సంక్రాంతి తరువాత మొదలుపెట్టారు. సాయంత్రానికి చీలమండల దగ్గర వేలితో నొక్కితే గుంట పడుతుంది. మాత్ర వేసుకున్నా వాపు పెద్దగా తగ్గలేదు, పైగా రాత్రి బాత్రూముకు లేచినప్పుడు కళ్లు తిరుగుతున్నాయని అంటోంది. గుండె డాక్టరుగారి కలిపిన మాత్ర దసరా రోజుల్లో మొదలైంది. వాపు సంగతి వేరే సమస్య అనుకుని మొదట రాయలేదు.

పాత ఫార్మసిస్టు:
అది వేరే సమస్య కాకపోవచ్చు. ఆమ్లోడిపిన్ సన్నని ధమనులను వదులు చేస్తుంది, కానీ రక్తం తిరిగి వెళ్లే సిరలు ఆ మేరకు వదులు కావు. అందువల్ల కాళ్లలోని సూక్ష్మ రక్తనాళాలలో ఒత్తిడి పెరిగి నీరు చర్మం కిందికి ఊరుతుంది. ఈ వాపు మోతాదుతోపాటు పెరుగుతుంది, 10 మిల్లీగ్రాముల దగ్గర బాగా ఎక్కువ, ఆడవారిలో మరింత ఎక్కువ. ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదు కనుక నీరు తీసే మాత్రకు సరిగా లొంగదు. దసరాకు ఆమ్లోడిపిన్ రెట్టింపు కావడం, సంక్రాంతికి వాపు, వాపుకు ఫ్యూరోసెమైడ్, ఆ తరువాత కళ్లు తిరగడం, ఈ వరుస చూస్తే ఒక మందు తెచ్చిన ఇబ్బందికి మరో మందు వచ్చి చేరినట్టుంది. ఇది నా అనుమానం మాత్రమే. గుండె, మూత్రపిండాలు, కాలేయం వల్ల కూడా వాపు వస్తుంది, మోకాళ్ల మాత్ర కూడా నీటిని నిలుపుతుంది, కనుక తేల్చవలసింది డాక్టరుగారే.

రెండవ విషయం నాకు ఇంకా ఆందోళన కలిగిస్తోంది. టెల్మిసార్టాన్, ఫ్యూరోసెమైడ్, ఎసిక్లోఫెనాక్ మూడూ ఒకే మనిషికి రోజూ పడుతున్నాయి. మూత్రపిండంలోకి రక్తాన్ని తెచ్చే నాళం తెరుచుకుని ఉండడానికి కావలసిన పదార్థాలను నొప్పి మాత్ర తగ్గిస్తుంది, బయటికి వెళ్లే నాళం బిగువును టెల్మిసార్టాన్ వదులు చేస్తుంది, నీరు తీసే మాత్ర అసలు రక్తంలోని నీటినే తగ్గిస్తుంది. మామూలు రోజుల్లో గడిచిపోవచ్చు. ఖమ్మం ఎండల్లో రెండు రోజులు విరేచనాలు పట్టుకుంటే మాత్రం క్రియాటినిన్ ఒక్కసారిగా పెరగవచ్చు. ఫ్యూరోసెమైడ్ మొదలయ్యాక క్రియాటినిన్, సోడియం, పొటాషియం పరీక్షలు చేయించారా?

నేలవేము:
అయితే నీరు తీసే మాత్ర కూడా బీపీ మాత్రే కదా, అప్పుడు బీపీకి మూడు మందులు పడుతున్నట్టు లెక్క. అన్నీ ఒకేసారి ఆపేస్తే పోతుంది. నేను చెప్పిన గ్యాస్ మాత్రకు ఎవరూ జవాబు చెప్పలేదు.

రెండో షిఫ్టు:
ఒకేసారి ఏదీ ఆపవద్దు. బీపీ ఎగురుతుంది.

పాత ఫార్మసిస్టు:
నేలవేము గారూ, బీ12 గురించి మీరు చెప్పింది సరైనదే, ఒకసారి రక్తంలో చూపించుకోవడం మంచిది. కానీ ఈ అమ్మగారు ఆస్పిరిన్, ఎసిక్లోఫెనాక్ రెండూ వాడుతున్నారు. ఆ వయస్సులో ఈ జంట కడుపులో పుండు చేసి రక్తస్రావం తెప్పించగలదు, దానికి అడ్డుగా ఉన్నది ఆ గ్యాస్ మాత్రే. అడ్డు తీసేసి జంటను ఉంచితే ప్రమాదం పెరుగుతుంది. అడగవలసింది నొప్పి మాత్ర అంత అవసరమా అని. మలం తారులా నల్లగా వస్తే మాత్రం అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఫ్యూరోసెమైడ్ బీపీని కొంత తగ్గిస్తుంది గానీ ఇక్కడ రాసింది వాపు కోసం, ఆ రెంటినీ ఒకే లెక్కలో వేస్తే ఏది ఎందుకు ఆపాలో తెలియకుండా పోతుంది.

మున్నేరు:
ఉన్న రిపోర్టు పోయిన శ్రావణమాసంలోది, క్రియాటినిన్ 1.1 అని ఉంది. ఆ తరువాత చేయించలేదు. ఇంకొక సంగతి ఇప్పుడే తెలిసింది. డల్లాస్ వారు రాసినది అమ్మకు చదివి వినిపిస్తే, థైరాయిడ్ మాత్ర తనకూ ఉందని చెప్పింది. పొద్దున్నే వేసుకునేది కనుక డబ్బాలో పెట్టదట, మంచం పక్కన కిటికీలో సీసా ఉంది. థైరాక్సిన్ 75 మైక్రోగ్రాములు. ఆరింటికి కాఫీతో వేసుకుని, ఎనిమిదింటికి టిఫిన్ తరువాత కాల్షియం వేసుకుంటుంది. వంటింట్లో అరలో పారాసెటమాల్ 650 కూడా దొరికింది, ఒళ్లు నొప్పులకు అప్పుడప్పుడు ఒకటి వేసుకుంటుందట.

డల్లాస్ అబ్బాయి:
నేను మొదటే చెప్పాను కదండీ.

పాత ఫార్మసిస్టు:
మీ అనుభవం ఇక్కడ అక్షరాలా పనికివచ్చింది, సందేహం లేదు. అయితే 4 గంటల నియమం థైరాక్సిన్‌కు, కాల్షియానికి మధ్య ఉన్నది. అన్ని మాత్రలకూ దాన్ని వర్తింపజేస్తే ఆమె రోజంతా గడియారం చూస్తూ కూర్చోవాలి. థైరాక్సిన్‌ను మంచినీళ్లతో పరగడుపున వేసుకుని కాఫీకి కనీసం అరగంట ఆగాలి. కాల్షియం కార్బొనేట్‌కు తిండి తోడుండాలి కనుక మధ్యాహ్నం భోజనం తరువాతకు మార్చవచ్చునేమో డాక్టరుగారిని అడగండి. ఇక్కడొక జాగ్రత్త ఉంది. వేళ మారితే అదే 75 మైక్రోగ్రాములు మునుపటికన్నా ఎక్కువగా ఒంటికి పడుతుంది, గుండె దడ రావచ్చు, కాబట్టి 6 నుంచి 8 వారాల తరువాత టీఎస్‌హెచ్ మళ్లీ చూడాలి. పారాసెటమాల్ రెండుచోట్ల ఉంది నిజమే, కానీ మోకాళ్ల మాత్రలో రోజుకు 650, విడిగా ఒకటి వేసుకుంటే మరో 650, మొత్తం 1,300 మిల్లీగ్రాములు. కాలేయం బాగుంటే దీనికి కంగారు పడనక్కరలేదు. వెబ్‌సైటుకు ఈ తేడా తెలియదు, జంట కనబడితే హెచ్చరిస్తుంది.

ఇప్పుడు చేయవలసింది ఒక తెల్ల కాగితం మీద మందు పేరు, మోతాదు, ఎవరు రాశారు, ఏ నెలలో మొదలైంది, దేనికి అని వరుసగా రాయడం. కిటికీ, వంటిల్లు, హ్యాండ్‌బ్యాగు, ఫ్రిజ్ కూడా వెతకండి. మూడు రోజులు పొద్దున పూట ఆమెను ఐదు నిమిషాలు కూర్చోబెట్టి బీపీ చూసి, నిలబెట్టిన నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూసి రాయండి. నిలబడగానే పై అంకె 20 గానీ అంతకు మించి గానీ పడిపోతే కళ్లు తిరగడానికి కారణం దొరికినట్టే. ఆ కాగితాన్ని ఒకే డాక్టరుగారి ముందు పెట్టండి, ముగ్గురికీ విడివిడిగా చూపిస్తే మళ్లీ మొదటికి వస్తుంది. ఆ ఆదివారం విటమిన్ డి ఎవరు రాశారు, ఎన్ని వారాలకని రాశారు?

రెండో షిఫ్టు:
వాంతులు, విరేచనాలు మొదలైతే అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయండి. టెల్మిసార్టాన్, ఫ్యూరోసెమైడ్, మెట్‌ఫార్మిన్, నొప్పి మాత్ర పేర్లు చెప్పి, ఆ రోజు వేయాలా వద్దా అడగండి.

నేలవేము:
నొప్పి మాత్ర తీసేస్తే ఆవిడ మోకాళ్ల సంగతి ఏమిటి? నడవలేని మనిషికి క్రియాటినిన్ బాగుంటే సరిపోతుందా?

పాత ఫార్మసిస్టు:
న్యాయమైన ప్రశ్న. పారాసెటమాల్ ఒక్కటే వేళ ప్రకారం వాడడం, మోకాలికి పైపూతగా డైక్లోఫెనాక్ జెల్, తొడ కండరాలకు వ్యాయామం, ఈ వరుసలో ప్రయత్నిస్తారు. అందరికీ చాలదు. ఆవిడకు చాలుతుందో లేదో వాడి చూస్తే గానీ తెలియదు.

మున్నేరు:
ఊళ్లో డాక్టరుగారికి కాగితం చూపించాము. నిలబడితే పై అంకె 138 నుంచి 112కు పడింది. రాత్రి ఆమ్లోడిపిన్ ఆపించారు, ఫ్యూరోసెమైడ్ పరీక్షల రిపోర్టు చూశాక చూద్దామన్నారు, కాల్షియం మధ్యాహ్నానికి మార్చారు. మోకాళ్ల మాత్ర సంగతి ఎముకల డాక్టరునే అడగమన్నారు, ఆయన వచ్చే వారం దాకా ఊళ్లో లేరు. అందరికీ ధన్యవాదాలు, రేపు పొద్దున్నే బండి ఎక్కాలి.

పాత ఫార్మసిస్టు:
ఎముకల డాక్టరుగారు వచ్చేదాకా నొప్పి మాత్ర కొనసాగించాలా అన్నది ఊళ్లో డాక్టరుగారినే బయలుదేరే ముందు ఫోన్‌లో అడగండి, రిపోర్టు రాకముందు అది ఊరికే వదలవలసిన విషయం కాదు. విటమిన్ డి గురించి కూడా మీరు చెప్పలేదు.

డల్లాస్ అబ్బాయి:
ఫార్మసిస్టు గారూ, మా నాన్నగారు పొద్దున్నే కాఫీ లేకుండా ఉండలేరు. థైరాయిడ్ మాత్ర రాత్రి పడుకునే ముందు వేయవచ్చా?