గాలికి వెన్నివ్వాలా, కన్నివ్వాలా?

అరసున్న: చిన్నప్పుడు మాకు వాతావరణ పటం చదవడం నేర్పిన మాస్టారు రెండు పాదాలు బట్టీ పట్టించారు. నాకు ఇలా గుర్తుంది:

గాలికి కన్నిచ్చి కదలక నిలుచుంటే
ఎడమచేతికి పల్లము, ఇంచుక ముందు

నిన్న పటం ముందేసుకుని చూస్తే లెక్క తప్పింది. ఒకే ఒత్తిడి ఉన్న చోట్లను కలిపే సమభార రేఖల ప్రకారం పల్లం, అంటే తక్కువ ఒత్తిడి, కుడివైపు వస్తోంది. నా జ్ఞాపకంలో ఏ అక్షరం జారిందో ఎవరైనా చెప్పగలరా?

ఓడసరంగు: ‘కన్నిచ్చి’ కాదండీ, ‘వెన్నిచ్చి’. గాలికి వీపు పెట్టి నిలబడాలి. 1857లో డచ్ వాతావరణ శాస్త్రవేత్త బైస్ బాలట్ చెప్పిన సూత్రమే ఇది. భూమధ్యరేఖకు ఉత్తరాన ఉంటే ఎడమచేతి వైపు ఒత్తిడి తక్కువ. పడవ మీద ఈ ఒక్క సూత్రంతోనే, పటం చేతికందక ముందే, తుపాను ఏ దిక్కున ఉందో అంచనా వేసుకునేవాళ్ళం.

యతిమైత్రి: సరంగు గారూ, తొందరపడకండి. ‘గాలికి’లో గా, ‘కన్నిచ్చి’లో క. రెండూ ఒకే వర్గం, స్వరమూ కలిసింది, యతి చక్కగా చెల్లింది. ‘వె’ పెడితే ఆ అందం పోతుంది. చెవి ఉన్న మనిషి రాసిన పాదం అది. తప్పు మొదటి పాదంలో కాదు, రెండో పాదంలో ఉండాలి. ‘కుడిచేతికి పల్లము’ అయి ఉంటుంది.

నిఘంటువు: యతికి ‘కదలక’ ఉండనే ఉంది కదండీ, కన్నుతో పనేముంది? పైగా ‘గాలికి కన్నివ్వడం’ అనే పలుకుబడి నేనెక్కడా చూడలేదు. చెవి ఒగ్గుతాం, తల ఒగ్గుతాం. ‘వెన్నిచ్చు’ మాత్రం పాత మాట. యుద్ధంలో వీపు చూపి పారిపోవడం.

యతిమైత్రి: అందుకే ఆ మాట ఇక్కడ కుదరదంటున్నాను! వెన్నిచ్చినవాడు పరుగెత్తుతాడు, ‘కదలక’ నిలుచోడు. విరాటపర్వంలో కౌరవ సేనను చూసి రథం దిగి పరుగందుకున్న ఉత్తరుణ్ణి తలుచుకోండి. తిక్కన ఆ ఘట్టం నడిపిన తీరు చదివితే భయానికి కాళ్ళు ఎలా వస్తాయో తెలుస్తుంది. వెనకాలే బృహన్నల జడ ఊగుతూ ఉంటుంది...

నిఘంటువు: ఆ ఘట్టం నాకూ ప్రాణమే. కానీ కవి ‘కదలక’ అని చేర్చింది అందుకే కావచ్చు. వెన్ను ఇవ్వు, కానీ పారిపోకు. ఆ విరుపులోనే పాదానికి బలముంది.

మిద్దెగాలి: నాకు ఈ సూత్రం ఎప్పుడూ పనిచేయలేదండీ. మొన్న సాయంత్రం మిద్దె మీద నిలబడితే తూర్పు నుంచి గాలి. వీపు పెడితే ముఖం పడమరకు, ఎడమచెయ్యి దక్షిణానికి. పటంలో మాత్రం అల్పపీడనం ఉత్తరాన ఉంది. అంటే కన్నే కరెక్టు కదా?

ఓడసరంగు: మీ మిద్దె మీది గాలి పటం గాలి కాదు. గోడల మధ్య గాలి దారి మళ్ళుతుంది. పగటి వేడికి సముద్రం నుంచో కొండ లోయ నుంచో వచ్చే గాలికి కూడా సమభార రేఖలతో పని ఉండదు. అడ్డు లేని మైదానంలో, కొన్ని గంటలుగా ఒకే దిక్కు నుంచి వీస్తున్న గాలిని తీసుకోండి. భూమధ్యరేఖకు బాగా దగ్గరగా ఉంటే అసలు ఈ సూత్రాన్నే నమ్మకండి. గాలిని పక్కకు తిప్పే భూభ్రమణ ప్రభావం అక్కడ మరీ తక్కువ.

కన్నూ వెన్నూ సంగతి తేల్చేది ‘ఇంచుక ముందు’ అన్న చివరి ముక్క. ఒక పటం అనుకోండి. మధ్యలో అల్పపీడనం, దాని చుట్టూ 1000, 1004, 1008 గీతలు. మీరు దానికి సరిగ్గా దక్షిణాన, 1008 గీత మీద ఉన్నారు. నేల రాపిడి లేకపోతే గాలి గీత వెంబడే పడమర నుంచి తూర్పుకు పోవాలి. వీపు పెడితే ముఖం తూర్పుకు, ఎడమచెయ్యి సూటిగా ఉత్తరానికి, అంటే కేంద్రానికి. కానీ నేల రాపిడి గాలి వేగాన్ని తగ్గిస్తుంది, అప్పుడది గీత దాటి పల్లం వైపు ఒరుగుతుంది. సముద్రం మీద ఆ ఒరుగు తక్కువ, నేల మీద 30 డిగ్రీలు దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. 30 అనుకుంటే మీ ముఖం కూడా అంతే ఉత్తరానికి తిరిగి ఈశాన్యం వైపుకు వస్తుంది. ఎడమచెయ్యి వాయవ్యం వైపుకు జరుగుతుంది. కేంద్రం మాత్రం ఉత్తరానే ఉంది కాబట్టి ఎడమచేతికి కాస్త ముందుకు పడుతుంది. ‘ఇంచుక ముందు’ అంటే ఇదే. అదే గాలికి ఎదురుగా నిలబడితే కేంద్రం కుడిచేతికి కాస్త వెనక్కు పడుతుంది. కాబట్టి కన్ను ఉంచాలంటే ఎడమ కుడి కావాలి, ముందు వెనుక కావాలి. రెండు మాటలు మారాలి. వెన్ను అనుకుంటే ఒక్క అక్షరం చాలు.

అరసున్న: ఒక్క అక్షరం జారడమే నా జ్ఞాపకానికి సహజం. కానీ యతిమైత్రి గారి చెవి మీద కూడా నాకు గురి ఉంది.

యతిమైత్రి: ‘గాలికి కన్నిచ్చి కదలక నిలుచుంటే కుడిచేతి వెనుకగా...’ అని చదివి చూడండి. క, క, కు! రెండు మాటలు మారినా పాదం ఇంకా బిగుస్తోంది. ఓడలో గాలికి ఎదురుగా నిలబడి కుడివెనుక అని చెప్పుకునే పద్ధతి కూడా ఉండే ఉంటుంది. ఉందా లేదా, సరంగు గారూ?

ఓడసరంగు: ఉంది. ఆ మాట ఒప్పుకుంటాను.

నిఘంటువు: పటంలోనే ఇంకో సాక్ష్యం ఉంది. స్టేషన్ గుర్తుకు గీసే గాలి కాడ గాలి వచ్చే దిక్కుకు సాగుతుంది. దాని చివరి ఈకలు ఉత్తరార్ధగోళంలో ఎప్పుడూ తక్కువ ఒత్తిడి వైపే గీస్తారు. అంటే గాలి పోయే వైపు చూస్తున్నవాడికి ఎడమన. పటం గీసేవాళ్ళు కూడా గాలికి వెన్నిచ్చే ఆలోచించారు.

ఓడసరంగు: బాగా చెప్పారు. దక్షిణార్ధగోళంలో ఈకలు కుడివైపుకు మారతాయి.

నా అసలు పేచీ ‘పల్లము’ మీద. చాలామంది దాన్ని గుండం కేంద్రం అని చదువుకుంటారు. వేడి గాలీ చల్లగాలీ కలిసే సరిహద్దు, అంటే వాతాగ్రం దగ్గర ఇది తప్పుదారి పట్టిస్తుంది. అల్పపీడనం ఉత్తరాన ఉంది, దాని నుంచి దక్షిణానికి ఒక శీతల వాతాగ్రం వేలాడుతోంది అనుకోండి. వాతాగ్రం రాకముందు గాలి నైరుతి నుంచి, ఎడమచెయ్యి వాయవ్యం చూపిస్తుంది. అది దాటగానే గాలి వాయవ్యం నుంచి, ఎడమచెయ్యి ఈశాన్యానికి మళ్ళుతుంది. గంటలో కేంద్రం అంత దూరం గెంతలేదు. వాతాగ్రం మీద సమభార రేఖలు విరుగుతాయి, ఆ విరుపు మొన ఎక్కువ ఒత్తిడి వైపు చూస్తుంది. చెయ్యి చూపేది ఆ చోట ఒత్తిడి తగ్గే దిక్కునే. గాలి అలా హఠాత్తుగా తిరిగి, అప్పటిదాకా పడుతున్న పీడనం లేవడం మొదలుపెడితే వాతాగ్రం మీదుగా పోయిందని గుర్తు.

అరసున్న: అయితే మాస్టారు ‘గుండము’ అనకుండా ‘పల్లము’ అనడం తెలిసే చేశారన్నమాట. చెయ్యి చూపేది నేల వాలును, గుంట అడుగును కాదు.

నిఘంటువు: ఆ ఒక్క మాటకు ఆయనకు దండం పెట్టాలి. ‘ఇంచుక’ కూడా ఎంత కొలిచి వేశారో చూడండి.

యతిమైత్రి: ‘ఇంచుక’ తిక్కనకూ ఇష్టమైన మాటే. దాని మీద విడిగా ఒక చర్చ పెడతాను. కన్ను మాత్రం నేను వదులుకోను.

మిద్దెగాలి: ఇవాళ ఊరి బయట మైదానానికి వెళ్ళి నిలబడ్డాను. వీపు పెడితే ఎడమచెయ్యి వాయవ్యానికి వచ్చింది. పటంలో అల్పపీడనం ఉత్తరాన. ముందు, ఇంచుక.