టిప్పర్ తగలబెడితే ఉగ్రవాదమేనా? (గడ్చిరోలి, రాయగడ వాళ్లు కూడా చెప్పండి)

సిరొంచ శ్రీను: రోడ్డు పని దగ్గర టిప్పర్ తగలబెట్టి, కరపత్రం వదిలి వెళ్లారనుకోండి. పోలీసులు చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం, అదే యూఏపీఏ, పెట్టొచ్చు, కొత్త న్యాయ సంహితలో 113వ సెక్షన్ కూడా పెట్టొచ్చు అంటున్నారు. ఏది పెడితే ఏంటి తేడా?

పెద్దాయన: తేడా ఏముంది? పాత ఉగ్రవాద నిరోధక చట్టం పోటా 2004లోనే రద్దయింది. ఇప్పుడు బెయిల్ మామూలుగానే వస్తుంది.

అడ్వకేట్ సుజాత, రాయగడ: పోటా పోయిన మాట నిజమే పెద్దాయనా. కానీ అందులోని ఉగ్రవాద చర్య నిర్వచనాన్ని అదే ఏడాది యూఏపీఏలో 15వ సెక్షన్‌గా తెచ్చిపెట్టారు. ముంబై దాడుల తర్వాత, 2008 డిసెంబర్‌లో, బెయిల్‌కు అడ్డంగా 43డి(5) చేర్చారు.

శ్రీను గారూ, 113లోని నిర్వచనం చాలావరకు 15 లాంటిదే. ప్రాణనష్టం లేకపోతే రెండింటిలోనూ అయిదేళ్ల నుంచి యావజ్జీవం దాకా శిక్ష పడొచ్చు. ఏది పెట్టాలో ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి నిర్ణయిస్తారని 113లోనే రాసుంది. ఏ ఆధారంతో నిర్ణయించాలో మాత్రం రాయలేదు.

మీ టిప్పర్ కేసే తీసుకోండి. 113 అయితే చార్జిషీటుకు 90 రోజులు, బెయిల్‌కు మామూలు నియమాలు. యూఏపీఏ అయితే ఆ గడువును 180 రోజుల దాకా పొడిగించుకోవచ్చు. బెయిల్ అడిగితే ఆరోపణ పైకి నిజంలా కనిపిస్తే చాలు, జడ్జి కాదనాల్సిందే. అంటే ఒకే మంట, ఒకే నలుగురు కుర్రాళ్లు. ఇంటికొస్తారా లేదా అన్నది ఎఫ్ఐఆర్‌లో రాసిన నంబర్ మీద ఉంది.

అహేరి కాంట్రాక్టర్: మేడం, నా బావమరిది టిప్పర్ నిజంగానే తగలబెట్టారు. బ్యాంకు కిస్తీలు ఇంకా కడుతున్నాడు. వాడి బండికి ఎవరైనా బెయిల్ ఇచ్చారా?

సుజాత: నష్టపరిహారం వేరే విషయం సార్.

అహేరి కాంట్రాక్టర్: మీకు వేరే విషయమే. 2019 మే 1న మా జిల్లాలోనే మందుపాతరకు 15 మంది పోలీసులు, వాళ్ల డ్రైవర్ చనిపోయారు. దానికీ నిర్వచనం వెతుకుదామా?

కొత్త సభ్యుడు: దాన్ని ఉగ్రవాదం కాదని ఇక్కడెవరన్నారు?

పెద్దాయన: తప్పు చేయనివాడికి భయమెందుకు? ప్రభుత్వం అనుమతి ఇస్తేనే కదా కేసు నడిచేది.

సుజాత: అనుమతి షరతు యూఏపీఏలో ఉంది, 45వ సెక్షన్. 113కి అది లేదు. అంటే బెయిల్ తేలికైన చోట అనుమతి వడపోత లేదు, వడపోత ఉన్న చోట బెయిల్ లేదు.

ఉన్న వడపోత ఎలా పనిచేసిందో, మావోయిస్టులతో సంబంధాలున్నాయని ఢిల్లీ యూనివర్సిటీ ప్రొఫెసర్ సాయిబాబా మీద పెట్టిన యూఏపీఏ కేసులో చూడండి. మీ గడ్చిరోలి కోర్టే 2017లో యావజ్జీవం వేసింది. మొదటి సాక్షిని విచారించాక గానీ ఆయన మీద అనుమతి రాలేదు. దాని మీదే 2022లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచ్ విడుదల చేస్తే, సుప్రీంకోర్టు పక్కనపెట్టి మళ్లీ వినమంది. 2024 మార్చిలో అదే హైకోర్టు, అనుమతీ చెల్లదు, నేరమూ రుజువు కాలేదు అని మళ్లీ విడుదల చేసింది. అదే కేసులో శిక్ష పడిన పాండు నరోటే 2022 ఆగస్టులోనే, శిక్ష అనుభవిస్తుండగా చనిపోయాడు. ఆ తీర్పు వినలేదు.

పెద్దాయన: చివరికి విడుదల అయ్యారు కదా!

సుజాత: ఆ మాట నరోటే ఇంట్లోవాళ్లకు చెప్పి రండి పెద్దాయనా. క్షమించండి, కోపం వచ్చింది.

అహేరి కాంట్రాక్టర్: కోపం మాకూ ఉంది. అసలు మాట చెప్తా వినండి. బావమరిది బండి తగలబెట్టినప్పుడు చూసినవాళ్లు ముగ్గురు. నిందితులకు బెయిల్ వస్తే ఆ ముగ్గురిలో ఒక్కడూ కోర్టుకు రాడు. చట్టం గట్టిగా ఉండాలనేది అందుకే. నాకు సెక్షన్ నంబర్‌తో పనిలేదు.

శ్రీను: అంటే సాక్షులకు రక్షణ లేదు కాబట్టి నిందితుణ్ణి లోపల ఉంచాలి. అంతేనా అన్నా?

అహేరి కాంట్రాక్టర్: రక్షణ మీరిస్తారా?

సుజాత: ఇప్పుడు మాట్లాడదాం సార్. మీ భయం నిజం. యూఏపీఏ కేసుల్లో 2019లో సుప్రీంకోర్టు వటాలీ తీర్పు, బెయిల్ దశలో సాక్ష్యాన్ని తూకం వేయకూడదంది. 2021లో నజీబ్ కేసులో అదే సుప్రీంకోర్టు, విచారణ త్వరగా ముగిసే ఆశ లేకుండా అయిదేళ్లకు పైగా జైల్లో ఉంచాక ఆ అడ్డు నిలవదంది. అంటే బెయిల్ కోసం కుర్రాడు ముందు కొన్నేళ్లు లోపల ఉండాలి. మీ సాక్షుల్ని కాపాడే దారి అదేనంటే నేను ఒప్పుకోను. సాక్షుల వాంగ్మూలం ముందు నమోదు చేసి, ఆ తర్వాత బెయిల్ వినమని కోర్టును అడగొచ్చు.

అహేరి కాంట్రాక్టర్: ఆ నమోదుకే ఎన్నేళ్లు పడుతుందో మా కోర్టుకొచ్చి చూడండి మేడం.

కొత్త సభ్యుడు: ఇంతకీ శ్రీనన్నా, 113 పెట్టారా, యూఏపీఏ పెట్టారా?

శ్రీను: ఇంకా తెలియదు. ఎఫ్ఐఆర్ కాపీ అడిగాం. ఇవ్వలేదు.