అప్‌డేట్: ఆన్సర్ కీ టేబుల్‌లో టోటల్ కుదిరింది

నేను అడిగింది: "పదో తరగతి ఫిజిక్స్ పేపర్‌ని వర్డ్‌లో మార్కుల టేబుల్‌తో ఆన్సర్ కీగా మారుస్తున్నా, 40 మార్కుల పేపర్‌కి టోటల్ 12 చూపిస్తోంది, ఎందుకు?"

దొరికిందండీ. టోటల్ గడిలో `=SUM(ABOVE)` పెట్టా, అది పైకి లెక్కేసుకుంటూ వెళ్లి ఖాళీ గడి తగలగానే ఆగిపోతుందట, నేనేమో సెక్షన్ హెడింగ్ వరసల్లో మార్కుల గడి ఖాళీగా వదిలేశా. వాటిలో 0 వేసి, టోటల్ మీద క్లిక్ చేసి F9 నొక్కితే ఈసారి 44! ఎందుకంటే 12వ ప్రశ్నకి "లేదా" ఉంది, రెండు ఆప్షన్ల నాలుగేసి మార్కులూ కలిసిపోయాయి. రెండో ఆప్షన్‌ని కింద వేరే టేబుల్‌లోకి మార్చేశా, 40 వచ్చింది.

స్టెప్ మార్కులు ఇలా విడగొట్టా: 6 Ω, 3 Ω సమాంతరంగా, 6 V బ్యాటరీ.

```
1/R = 1/R1 + 1/R2     1
1/R = 1/6 + 1/3       1
R = 2 Ω               1
I = V/R = 6/2 = 3 A   1
```

యూనిట్ రాయకపోతే అర మార్కు కోత అని పక్కనే రాశా, లేకపోతే మా గాజువాక ట్యూషన్‌లో దిద్దే ముగ్గురం మూడు రకాలుగా వేస్తాం. ఇంకోటి, R తప్పొచ్చినా ఆ తప్పు విలువతోనే I సరిగ్గా కడితే చివరి మార్కు ఇచ్చేస్తున్నాం.