షీట్ పైల్ గోడ ముందుకు కదులుతోంది: యాంకర్ దూరం ఎక్కడి నుంచి లెక్కించాలి?

నెల్లూరు జిల్లా తీరంలో పడవల కోసం చిన్న జెట్టీ కడుతున్నాం. గోడ వెనక ఇసుక, ఘర్షణ కోణం 30 డిగ్రీలు. గోడ పైనుంచి తవ్విన అడుగు మట్టం వరకు 6 మీటర్లు, నీరు 2 మీటర్ల లోతులో, టై రాడ్లు 1.5 మీటర్ల లోతులో ఉన్నాయి.

ఫ్రీ ఎర్త్ సపోర్ట్ పద్ధతిలో, టై రాడ్ దగ్గర మొమెంట్లు తీసుకుంటే పైల్ తవ్విన అడుగు మట్టం కింద 2.67 మీటర్లు దిగాలని వచ్చింది. దాదాపు 30 శాతం కలిపి 3.5 మీటర్లు దించాం. టై రాడ్ లాగుడు మీటరుకు 59 కిలోన్యూటన్లు. 2.5 మీటర్ల లోతు వరకు ఉన్న కాంక్రీట్ యాంకర్ గోడ 147 దాకా ఆపగలదు, కాబట్టి కాగితం మీద ఇబ్బంది లేదు.

అయినా డ్రెడ్జింగ్ అయిన పదకొండు రోజుల్లో గోడ తల 45 మిల్లీమీటర్లు ముందుకొచ్చింది. యాంకర్ వెనకే నేల మీద గోడకు సమాంతరంగా పగులు. నట్లు రెండుసార్లు బిగించాం, మూడు రోజులు ఆగి మళ్లీ కదిలింది. రాడ్ సాగలేదు, కొలిచి చూశాం. అంటే యాంకరే జరుగుతోందని నా అనుమానం.

యాంకర్ గోడకు 9 మీటర్ల దూరంలో ఉంది. యాంకర్ ముందున్న పాసివ్ వెడ్జ్‌కే 4.3 మీటర్లు కావాలి. గోడ వెనక యాక్టివ్ వెడ్జ్‌ను నికర ఒత్తిడి సున్నా అయ్యే చోటు (అడుగు కింద 0.95 మీటర్లు) నుంచి గీస్తే 4 మీటర్లు, మొత్తం 8.3, సరిపోతుంది. పైల్ కొన నుంచి గీస్తే 5.5, మొత్తం 9.8, రెండు వెడ్జ్‌లూ ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోతాయి.

ఈ పద్ధతిలో యాక్టివ్ వెడ్జ్‌ను ఏ బిందువు నుంచి గీయాలి: సున్నా ఒత్తిడి చోటు నుంచా, పైల్ కొన నుంచా?