బ్యాక్ ట్రాన్స్‌లేషన్ సరిపోయింది. మరి సమ్మతి పత్రం సరిగ్గా ఉన్నట్టేనా?

కొత్త కోఆర్డినేటర్

మా క్లినికల్ స్టడీకి ఇంగ్లీషులో సమ్మతి పత్రం ఉంది. దాని తెలుగు అనువాదం ఒక ఏజెన్సీ చేసింది. తెలుగు నుంచి మళ్లీ ఇంగ్లీషులోకి చేసిన బ్యాక్ ట్రాన్స్‌లేషన్, సర్టిఫికెట్టు కూడా వాళ్లే ఇచ్చారు. ఒక్క వాక్యం దగ్గర తేడా వచ్చింది. ఎవరు ఏ గ్రూపులోకి వెళ్తారన్నది "నాణెం ఎగరేసినట్టు" తేలుతుందని ఇంగ్లీషులో ఉంది. తెలుగులో "లాటరీలో చీటీ తీసినట్టు" అని రాశారు. స్పాన్సర్ తరఫు రివ్యూయర్ ఇది సరిపోలడం లేదు, "యాదృచ్ఛికంగా కేటాయిస్తారు" అని మార్చండి అంటున్నారు. మారిస్తే గొడవ ఉండదు. మార్చేయమంటారా? బ్యాక్ ట్రాన్స్‌లేషన్ సరిపోతే పత్రం బాగున్నట్టేనా?

ఆడిట్ చూసినవాడు

మార్చేయండి. ఆడిట్‌కి వచ్చేవాళ్లలో చాలామందికి తెలుగు రాదు. వాళ్లు చూసేది మూడే: మూల ఇంగ్లీషు, బ్యాక్ ట్రాన్స్‌లేషన్, రెండింటి మీదా ఉన్న వెర్షన్ నంబరూ తేదీ. నాణెం ఉన్నచోట లాటరీ కనబడితే ప్రశ్న అడుగుతారు. జవాబు రాసుకునేది మీరే. బ్యాక్ ట్రాన్స్‌లేషన్ ఎంత దగ్గరగా ఉంటే అనువాదం అంత మంచిదన్నట్టు. ఈ పద్ధతి ఉన్నదే అందుకు.

మూడో కాలమ్

ఎథిక్స్ కమిటీ కోసం తెలుగు పత్రాలు చదివే పని నాది. మార్చొద్దంటాను. లాటరీ బాగుందని కాదు, రివ్యూయర్ చెప్పిన మార్పు దానికన్నా అన్యాయం కాబట్టి.

"యాదృచ్ఛికంగా" ఎందుకు అచ్చంగా వెనక్కి వస్తుందో చూడండి. వెనక్కి అనువదించే ఆయన ఇంగ్లీషు చదువుకున్నవాడు, బహుశా వైద్య పత్రాలతోనే బతుకుతున్నవాడు. ఆ మాట కనబడగానే "ర్యాండమ్" అని రాసేస్తాడు. అది ఆయనకు అర్థమైందన్నదే మనకు తెలుస్తుంది. సంతకం పెట్టే మనిషికి అర్థమవుతుందో లేదో దీనివల్ల తెలియదు. పైగా తెలుగు ఎంత మక్కికి మక్కీగా ఉంటే అంత చక్కగా వెనక్కి వస్తుంది. మనుషులు మాట్లాడుకునే తెలుగులో రాస్తే తేడాలొస్తాయి. అంటే ఈ పరీక్షలో ఒక్కోసారి చెడ్డ అనువాదానికే మంచి మార్కులు పడతాయి.

తెలుగులో "వచ్చు" తీసుకోండి. "మీ రక్తపు నమూనాను తర్వాతి పరిశోధనల్లో వాడవచ్చు" అని రాస్తాం. వాడే అవకాశం ఉందని చెబుతున్నామా, వాడుకోవడానికి ఆయన ఒప్పుకున్నట్టా? తెలుగులో రెండూ వినిపిస్తాయి. వెనక్కి అనువదిస్తే "మే బీ యూజ్డ్" అని వస్తుంది. ఇంగ్లీషులోనూ అదే సందిగ్ధం, అందుకే మూలం, వెనక్కి వచ్చిన ఇంగ్లీషు రెండూ కలిసిపోతాయి, లోపం ఎవరికీ కనబడదు. "మేం దాచి ఉంచుతాం. తర్వాత వేరే పరిశోధనకు వాడాలా వద్దా అన్నది మీరు కింద టిక్ పెట్టి చెప్పండి" అని విడగొట్టి రాస్తేనే అది తేలుతుంది.

సర్వేల మనిషి

మా దగ్గర జీవన నాణ్యత ప్రశ్నావళికి ఇలాగే చేశాం. ఇద్దరు విడివిడిగా అనువదించారు, రెండూ కలిపి ఒకటి చేశారు, తర్వాత వెనక్కి చేశారు, పేషెంట్ల దగ్గర పరీక్షించారు. ఒక్క మాట కూడా మార్చకూడదని గట్టిగా చెప్పారు. మీరూ ముట్టుకోకండి, స్కోరు పాడవుతుంది.

మూడో కాలమ్

అది వేరే పనండీ. ప్రశ్నావళిలో రెండు భాషలవాళ్ల స్కోర్లను పక్కపక్కన పెట్టి పోలుస్తారు. మాట బరువు మారితే కొలత మారుతుంది. 1970లో బ్రిస్లిన్ అనే పరిశోధకుడు బ్యాక్ ట్రాన్స్‌లేషన్ మీద రాసిన వ్యాసం కూడా భిన్న సంస్కృతుల మధ్య జరిపే పరిశోధనల కోసమే. సమ్మతి పత్రంలో స్కోరు లేదు, ఒక మనిషి తీసుకునే నిర్ణయం ఉంది. మీరు చెప్పిన వాటిలో పేషెంట్ల దగ్గర పరీక్షించడం మాత్రం మనకూ కావాలి. చాలామంది ఎగ్గొట్టేది సరిగ్గా అదే.

ఒకప్పటి పార్టిసిపెంట్

నేను డాక్టర్ని కాదు, ఒక స్టడీలో చేరినదాన్ని. పత్రంలో "ఎప్పుడైనా జరిమానా లేకుండా వైదొలగవచ్చు" అని ఉంది. జరిమానా అంటే డబ్బు కదా, డబ్బు కట్టక్కర్లేదు అనుకున్నాను. మధ్యలో ఆ మాత్రలు పడక మానేయాలనిపించింది. మానేస్తే ఆ ఆసుపత్రిలో నా మామూలు వైద్యం కూడా ఆపేస్తారేమోనని భయపడి, వాంతులతోనే కొంతకాలం మింగాను. తర్వాత నర్సమ్మ చెప్పింది, అలా ఏం ఉండదని. ఆ మాట కాగితంలోనే ఉండొచ్చుగా!

మూడో కాలమ్

అమ్మా, మీరు చెప్పింది ఈ చర్చకు కావలసిన ఉదాహరణ. "పెనాల్టీ" జరిమానాగా మారి, మళ్లీ "పెనాల్టీ"గా వచ్చి ఉంటుంది. ఏ తేడా లేదని ఎవరో టిక్ పెట్టి ఉంటారు. "మానేసినా ఇక్కడ మీకు అందే మామూలు వైద్యం ఆగదు, తగ్గదు" అని రాసి ఉంటే వెనక్కి చేసినప్పుడు మూలంతో కలవదు. తేడా అని ఎర్రగీత పడేది. ఆ ఎర్రగీతను మనం ధైర్యంగా సమర్థించుకోవాలి.

ఆడిట్ చూసినవాడు

సరే, ఒప్పుకుంటాను, మాట కలిసినంత మాత్రాన అర్థం కలిసినట్టు కాదు. కానీ మీరు బ్యాక్ ట్రాన్స్‌లేషన్‌ని పనికిరానిదిగా తీసిపారేస్తున్నారు. నేను చూసిన ఒక పత్రంలో ఇంగ్లీషులో "మీకు నేరుగా ప్రయోజనం ఉండకపోవచ్చు" అన్న అర్థం. తెలుగులో "ఉండవచ్చు" అని పడింది. తెలుగు చదివిన ఇద్దరూ బాగుందన్నారు. చదవడానికి బాగానే ఉంది మరి! వెనక్కి చేసినప్పుడు బయటపడింది. తెలుగు తెలిసిన మంచి పాఠకుడు సాఫీగా ఉన్న తప్పును పట్టుకోలేడు.

మూడో కాలమ్

తీసిపారేయడం లేదు. మీ ఉదాహరణే దాని అసలు బలం. "కాదు" పోవడం, ఒక వాక్యం ఎగిరిపోవడం, "లేదా" బదులు "మరియు" పడటం, పది మిల్లీలీటర్ల వరకు అన్నది పది మిల్లీలీటర్లు అయిపోవడం, ఇలాంటివి అది బాగా పడుతుంది. నేననేది, అది పట్టేవి ఇవీ, పట్టలేనివి అవీ అని తెలిసి వాడాలని.

ఇంకో సంగతి. ముందుకీ వెనక్కీ ఒకే ఏజెన్సీ చేసినప్పుడు వెనక్కి వచ్చిన ఇంగ్లీషును ఒకసారి కళ్లు పెట్టి చదవండి. కామాలతో సహా మూలంలాగే ఉంటే నాకు అనుమానం వస్తుంది. మూలం చూడని మనిషి రాసినదాంట్లో చిన్న చిన్న తేడాలు తప్పవు. తేడాలే లేవంటే ఆయన మూలం చూసి ఉండాలి, లేదా ఎవరో తర్వాత నున్నగా చేసి ఉండాలి. నున్నగా చేయకముందు వచ్చిన మొదటి ప్రతిని అడగండి. వెనక్కి చేసిన మనిషికి మూలం ఇవ్వలేదని రాతపూర్వకంగా కూడా అడగండి.

మీ వాక్యం విషయం. ఒక కాలమ్‌లో మూలం, రెండోదాంట్లో తెలుగు, మూడోదాంట్లో వెనక్కి వచ్చింది పెట్టండి. తేడా ఉన్నచోట అది మాటలోనా, అర్థంలోనా అని రాయండి. లాటరీ దగ్గర తేడా నిజంగానే అర్థంలో ఉంది. లాటరీ అంటే బహుమతి. కొత్త మందు పడినవాడు గెలిచినట్టు, రెండోది పడినవాడు ఓడినట్టు అవుతుంది. కొత్త మందు మంచిదో కాదో తెలియకే కదా స్టడీ చేసేది. తేడా ఉందని రివ్యూయర్ పట్టుకోవడం సరైనదే, ఆయన చెప్పిన మార్పే తప్పు. "బొమ్మా బొరుసా వేసినట్టు" అంటే మూలానికీ దగ్గర, వినేవాడికీ దగ్గర.

కొత్త కోఆర్డినేటర్

బొమ్మా బొరుసా బాగుంది సార్. కానీ ఒక చిక్కు. మా స్టడీలో కొత్త మందు గ్రూపు, ప్లాసిబో గ్రూపు రెండుకి ఒకటి లెక్కన ఉన్నాయి. ఇంగ్లీషు పత్రం నాలుగో పేజీలో ముగ్గురిలో ఇద్దరికి కొత్త మందు అని ఉంది కూడా.

మూడో కాలమ్

అలాగైతే నాణెం మూలంలోనే తప్పు. నాణేనికి సగం సగం. మీ లెక్కకు అది కుదరదు. తెలుగు ఎంత నిజాయితీగా చేసినా ఆ తప్పు కూడా నిజాయితీగానే వస్తుంది, వెనక్కి చేస్తే పచ్చగా టిక్ పడుతుంది. మూలం తప్పును బ్యాక్ ట్రాన్స్‌లేషన్ ఎప్పటికీ పట్టలేదు, ఎందుకంటే అది మూలాన్నే కొలబద్దగా పెట్టుకుంటుంది.

నేనైతే ఇలా రాస్తాను: "మీకు ఏ మందు వస్తుందో కంప్యూటరు తేలుస్తుంది. మీ జబ్బు ఎలా ఉందో చూసి కాదు. ఎవరి ఇష్టాన్ని బట్టీ కాదు. మీరు గానీ, మీ డాక్టరు గానీ ఎంచుకోలేరు. మొత్తం మీద కొత్త మందు వచ్చేవాళ్లు, మందు లేని మాత్ర వచ్చేవాళ్లకు రెండింతలు ఉంటారు." రెండో వాక్యం వదలకండి. కంప్యూటరు అనగానే తన రిపోర్టులన్నీ చూసి తగిన మందు ఎంచుతుందని అనుకునేవాళ్లు ఉన్నారు. "ముగ్గురిలో ఇద్దరికి" అనే మాట కూడా నేను తగ్గిస్తాను. ఒకాయన వరసలో మూడోవాడిగా నిలబడకూడదేమో అని అడిగాడు.

రాశాక స్టడీకి సంబంధం లేని ఐదారుగురికి చదివి వినిపించి, "అర్థమైందా" అని కాకుండా "మీకు ఏ మందు ఇవ్వాలో ఎవరు నిర్ణయిస్తారు, దేన్ని బట్టి?" అని అడగండి. "డాక్టరుగారు నాకు మంచిది చూసి ఇస్తారు" అని జవాబొస్తే ఆ వాక్యం ఫెయిలయినట్టే, సర్టిఫికెట్టు ఏం చెప్పినా.

ఆడిట్ చూసినవాడు

ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను. ఇంగ్లీషు మూలంలో లేనిది తెలుగులో రాయడానికి మీకు అధికారం లేదు. కమిటీ ఆమోదించింది ఒక పత్రాన్ని. తెలుగువాళ్లకు ఒక వివరణ, ఇంగ్లీషు చదివేవాళ్లకు ఇంకోటి ఇస్తే రెండు వేర్వేరు సమ్మతులు తీసుకున్నట్టు. ముందు ఇంగ్లీషు మార్చండి, కమిటీకి పంపండి, కొత్త వెర్షన్ నంబరు వేయండి, తర్వాతే తెలుగు.

మూడో కాలమ్

లెక్క నాలుగో పేజీలో ఉంది కాబట్టి కొత్తగా చేర్చిందేమీ లేదని నేను వాదించగలను. "జబ్బు చూసి కాదు" అన్నదీ ర్యాండమైజేషన్ అన్న మాటలోనే ఉంది. కానీ మూలాన్నే సరిదిద్దితే మంచిదన్నదాంట్లో మీతో విభేదం లేదు. అనువాదం బయటపెట్టిన లోపాన్ని బట్టి మూలాన్ని కూడా మార్చవచ్చన్న ఆలోచన కొత్తదేం కాదు. స్పాన్సర్లకు అది నచ్చదు, అంతే.

కొత్త కోఆర్డినేటర్

స్పాన్సర్‌ని అడిగాను. ఇంగ్లీషు మాస్టర్ మారిస్తే అన్ని సెంటర్లలోనూ మళ్లీ ఆమోదం తీసుకోవాలి, ఇప్పట్లో కుదరదన్నారు. మూడు కాలమ్‌ల పట్టిక, రెండు తెలుగు వాక్యాలు, విన్నవాళ్లు చెప్పిన జవాబులు, అన్నీ కలిపి కమిటీ ముందు పెడుతున్నాను. ఒక సందేహం: కమిటీ ఒప్పుకుంటే, మార్చిన ఆ వాక్యాన్ని మళ్లీ వెనక్కి అనువదించి ఇవ్వాలా? అది ఎలాగూ మూలంతో కలవదు కదా.

ఆడిట్ చూసినవాడు

ఇవ్వాలి. కలవదనే ఇవ్వాలి. ఎందుకు కలవలేదో పక్కన రెండు లైన్లు రాసి సంతకం పెట్టండి.

సర్వేల మనిషి

ఇంతకీ స్కోరు సంగతి?